నాలుగొందల ఫారాలు, ఒకటే వాట్సాప్ గ్రూపు

ఏటా వేసవి మొదలయ్యే ముందు కాలేజీల పక్కనున్న జిరాక్స్ షాపుల్లో ఒకే రకం పుస్తకాలు బైండింగ్ అవుతుంటాయి. రెక్సిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు, లోపల ఎనభై తొంభై పేజీలు. ఎంబీఏ, బీబీఏ, బీకాం విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులవి. వాటిలో ‘ఫలానా పట్టణంలో వినియోగదారుల కొనుగోలు తీరు’ అన్న రకం ఎప్పుడూ ఎక్కువే. షాంపూ, సెల్‌ఫోను, స్కూటరు, వంటనూనె ఇలా వస్తువు మారుతుంది తప్ప లోపలి వరస మారదు. రంగురంగుల పై చార్టులు ముప్పై పేజీలు నింపితే, ఎవరిని అడిగారు, ఏమని అడిగారు అన్న సంగతి అరపేజీలో ముగుస్తుంది. ‘సౌలభ్యాన్ని బట్టి వంద మందిని ఎంచుకోవడమైనది’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు.

ఆ వాక్యాన్ని తెలుగులోకి దింపితే, దొరికినవాళ్లని అడిగాం అని అర్థం.

ఇందులో తప్పేముందో చూడటానికి వంటనూనె మంచి సరుకు. ప్రతి ఇంట్లోనూ కొంటారు, తరచూ కొంటారు, రకాలకు కొదవ లేదు. సన్‌ఫ్లవర్, పల్లీ నూనె, పామాయిల్, తవుడు నూనె, ఈమధ్య వీధికొకటి వెలిసిన గానుగ నూనె. ఒక జిల్లా కేంద్రంలో నలుగురు విద్యార్థులు ఈ అంశం తీసుకున్నారనుకుందాం. చేతిలో ఆరు వారాలుంది. వాళ్లు తేల్చాల్సినవి మూడు విషయాలు. ఊళ్లో ఇళ్లవాళ్లు నూనె ఎక్కడ కొంటున్నారు, ఏ సైజులో కొంటున్నారు, అనుకున్న బ్రాండు దొరకకపోతే ఏం చేస్తున్నారు.

అందరికీ మొదట తట్టే దారి గూగుల్ ఫామ్. రాత్రి కూర్చుని తయారుచేసి క్లాసు గ్రూపులో, హాస్టల్ గ్రూపులో, బంధువుల గ్రూపులో లింకు పడేస్తే మూడు రోజుల్లో నాలుగొందల జవాబులు వచ్చిపడతాయి. అంకె చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఆ నాలుగొందల మందిలో సగానికి సగం ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. హాస్టల్లో ఉండేవాళ్లకు నూనె కొనే పనే లేదు. ఇంట్లో ఉండేవాళ్లలోనూ చాలామందికి అమ్మ ఏ నూనె వాడుతుందో ప్యాకెట్ రంగు మాత్రమే గుర్తు. ఇక నూనె కొనే అమ్మలు, అమ్మమ్మలు, రోజు కూలీ డబ్బుతో పావుకిలో లూజు నూనె తెచ్చుకునేవాళ్లు ఆ గ్రూపుల్లో ఉండరు. నాలుగొందలు కాదు, నాలుగు వేలు వచ్చినా వాళ్లు రారు.

తప్పు చోట అడిగినప్పుడు సంఖ్య పెంచితే తప్పే గట్టిపడుతుందని 1936లోనే అమెరికాలో తేలింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ నూటికి అరవైకి పైగా ఓట్లతో గెలిచాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోను డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల వంటి జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నది ఎవరికో చెప్పక్కర్లేదు. దానికి తోడు పంపినవాళ్లలో నాలుగో వంతు కూడా జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్ల మనసు, ఇవ్వనివాళ్ల మనసు ఒకటి కాదు. వాట్సాప్ లింకుకు ఈ రెండు జబ్బులూ ఉన్నాయి.

విద్యార్థులు రెండోసారి ఆలోచించే దారి సూపర్‌మార్కెట్ గుమ్మం. సాయంత్రం అక్కడ నిలబడితే నిజంగా నూనె కొన్నవాళ్లే బయటికొస్తారు, సంచిలో ప్యాకెట్ కూడా కనిపిస్తుంది. ఇది ఫామ్ కన్నా మేలే. అయితే కిరాణా కొట్టుకు వెళ్లేవాళ్లు ఇందులో అసలు ఉండరన్నది అందరికీ తెలుస్తుంది. ఇంకొక మెలిక ఉంది, అది చాలామంది గైడ్ల కంట కూడా పడదు.

ఆ సూపర్‌మార్కెట్‌కు వెయ్యి ఇళ్లవాళ్లు వస్తారనుకుందాం. అందులో ఐదొందల ఇళ్లు వారానికోసారి వచ్చి లీటరు ప్యాకెట్లు తీసుకెళ్తాయి. మిగతా ఐదొందల ఇళ్లు జీతం పడ్డాక నెలకొకసారి వచ్చి ఐదు లీటర్ల క్యాన్ పట్టుకెళ్తాయి. అంటే నిజానికి సగం సగం. కానీ నెలంతా గుమ్మం దాటే అడుగులు లెక్కపెడితే వారం వారం వచ్చేవాళ్లవి రెండు వేలు, నెలకోసారి వచ్చేవాళ్లవి ఐదొందలు. గుమ్మం దగ్గర నిలబడి నెల పొడవునా వంద మందిని ఆపితే, ఎనభై మంది మొదటి రకం, ఇరవై మంది రెండో రకం తగులుతారు. ‘ఈ షాపుకొచ్చే ఇళ్లలో 80 శాతం లీటరు ప్యాకెట్లే కొంటున్నాయి’ అని రిపోర్టులో పడుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ లెక్క తప్పలేదు. అయినా జవాబు తప్పు.

దీనికి మందు ఒకే ఒక ప్రశ్న. ‘గత నెల రోజుల్లో, ఇవాళ్టితో కలిపి, మీ ఇంటినుంచి ఈ షాపుకు ఎన్నిసార్లు వచ్చారు?’ నాలుగని చెప్పినవాళ్ల జవాబుకు నాలుగో వంతు విలువ, ఒకటని చెప్పినవాళ్లకు పూర్తి విలువ ఇచ్చి కూడాలి. ఎనభై మందిని నాలుగుతో భాగిస్తే ఇరవై, మిగతా ఇరవై అలాగే ఇరవై. సగం సగం అని సరైన లెక్క తిరిగొస్తుంది. ఆ ప్రశ్న అడగకపోతే మాత్రం తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. ఎవరిని ఆపాలన్నదీ విద్యార్థి ఇష్టానికి వదలకూడదు. వదిలితే నవ్వు ముఖంతో, ఒంటరిగా, తన వయసులో ఉన్నవాళ్లనే ఆపుతాడు. బయటికొచ్చే ప్రతి ఐదో మనిషి అని ముందే గీత గీసుకోవాలి. ఒకటో తారీకు, ఇరవయ్యో తారీకు, పొద్దున, సాయంత్రం, ఆదివారం అన్నిటికీ వాటా పెట్టుకోవాలి.

మన నలుగురికి కావాల్సింది ఒక షాపు సంగతి కాదు, ఊరి సంగతి. కాబట్టి ఇళ్లకు వెళ్లక తప్పదు. ఎన్ని ఇళ్లు? ఇక్కడ ప్రాజెక్టు రిపోర్టుల్లో 384 అనే అంకె మంత్రంలా కనిపిస్తుంది. అది గాల్లోంచి ఊడిపడింది కాదు. లాటరీ తీసినట్టు ఎంచిన 384 మందిని అడిగితే, నూటికి తొంభై ఐదు సార్లు మన శాతం అసలు శాతానికి ఐదు పాయింట్ల లోపే ఉంటుందన్నది దాని భావం. లాటరీ తీసినట్టు అన్న షరతు వదిలేసి అంకె ఒక్కటే తెచ్చుకుంటే దానికి విలువ లేదు. దొరికినవాళ్లను 384 మందిని అడిగి ‘ఐదు శాతం తేడాతో’ అని రాయడం, నిజం చెప్పాలంటే, అలంకారమే.

నలుగురు విద్యార్థులు ఒక్కొక్కరు అరవై ఇళ్ల చొప్పున 240 ఇళ్లు చేయగలరు. లాటరీ ప్రకారం ఎంచితే 240కి తేడా సుమారు ఆరు పాయింట్లు. విద్యార్థి సర్వేకు అది చాలు. కానీ ఊరంతటి ఇళ్ల జాబితా ఎవరు ఇస్తారు? మున్సిపాలిటీ పన్ను రికార్డు అడిగితే వారాలు పడుతుంది, ఇచ్చే నమ్మకమూ లేదు. దగ్గరలో ఉన్నది ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో బూత్‌లవారీగా పెట్టే ఓటర్ల జాబితా. అద్దెకు వచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండకపోవచ్చు. అందుకని మనుషులను దాన్నుంచి ఎంచరు, ప్రాంతాలను మాత్రమే ఎంచుతారు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఊళ్లో 160 బూత్‌లు, మొత్తం 1,44,000 ఓట్లు అనుకుందాం. 24 బూత్‌లు ఎంచి, ఒక్కో చోట పది ఇళ్లు చేయాలి. బూత్‌లను వరసగా రాసి ఓట్లు కూడుతూ పోవాలి. మొదటి బూత్ 870. రెండోది 1,040, కూడితే 1,910. మూడోది 760, కూడితే 2,670. ఇలా చివరిదాకా. తర్వాత మొత్తాన్ని 24తో భాగిస్తే 6,000 వస్తుంది. ఒకటికీ ఆరు వేలకూ మధ్య ఒక అంకె కళ్లు మూసుకుని తీయాలి. ఎక్సెల్‌లో అయితే ఇది చాలు:

```
=RANDBETWEEN(1,6000)
```

2,317 వచ్చిందనుకుంటే, అది ఏ బూత్‌లో పడిందో చూడాలి. 1,910 దాటింది, 2,670 దాటలేదు కాబట్టి మూడో బూత్. ఆ తర్వాత 8,317, 14,317, 20,317 అంటూ ఆరు వేల చొప్పున దూకితే 24 బూత్‌లూ వచ్చేస్తాయి. పెద్ద బూత్‌కు ఎంపికయ్యే అవకాశం ఎక్కువ, చిన్నదానికి తక్కువ. అయితే ఎక్కడికెళ్లినా పది ఇళ్లే అడుగుతారు కాబట్టి, పెద్ద బూత్‌లో ఒక్కో ఇంటి వంతు తగ్గుతుంది. ఈ రెండూ సర్దుకుని ఊళ్లో ప్రతి ఇంటికీ దాదాపు సమానమైన అవకాశం మిగులుతుంది. బూత్‌లను వార్డుల వరసలో రాసుకుంటే పాత పేట, కొత్త కాలనీ, రైల్వే లైను అవతలి బస్తీ అన్నీ వాటంతటవే కలుస్తాయి.

బూత్ పరిధిలోకి వెళ్లాక ఇళ్లు లెక్కపెట్టాలి. ఓ మూల నుంచి బయల్దేరి, ఎడమ చెయ్యి గోడను వదలకుండా నడుస్తూ గీతలు పెట్టుకుంటూ పోతే ఒక పూటలో అయిపోతుంది. అపార్ట్‌మెంటు ఒక ఇల్లు కాదు, ప్రతి ఫ్లాటూ ఒక ఇల్లు. పెంకుటింటి వెనక వాటాలో వేరే పొయ్యి ఉంటే అదొక ఇల్లు. 300 ఇళ్లు తేలితే ముప్పయ్యింటికొకటి. తాళం వేసి ఉంటే? ఇక్కడే సర్వే నిలబడేదీ కూలేదీ. పక్కింటికి వెళ్లిపోవడం తేలిక. కానీ పగలు తాళం వేసి ఉండే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్తారు. పక్కింట్లో పగలు మనిషి ఉంటుంది. ఈ రెండు ఇళ్లు నూనె కొనే తీరు ఒకటి కాదు. ఉద్యోగాలకు పోయేవాళ్లు ఫోన్లో ఆర్డరు పెట్టుకుంటారు, లేదా ఆదివారం సూపర్‌మార్కెట్‌కు పోతారు. ఇంట్లో ఉండేవాళ్లు వీధి చివర కొట్టుకు పోతారు. కాబట్టి వేరే రోజు, వేరే వేళకు మళ్లీ రావాలి. మూడుసార్లు వచ్చినా దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసి వదిలెయ్యాలి. ఆ లెక్క రిపోర్టులో కనపడాలి.

ఒకే వీధిలో పది ఇళ్లు చేయడానికి కొంత ధర చెల్లించాల్సిందే. ఒక వీధివాళ్లు ఒకే కొట్టులో కొంటారు, ఆదాయాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. పదో ఇల్లు మొదటి ఇంటికన్నా కొత్తగా చెప్పేది తక్కువ. ఈ పోలికను మామూలుగా కాస్త తక్కువ స్థాయిలోనే అంచనా వేసినా, 240 ఇళ్లు లాటరీ తీసిన 165 ఇళ్లకు సమానమవుతాయి. తేడా ఆరు పాయింట్ల నుంచి ఏడున్నరకు పెరుగుతుంది. అందుకే పన్నెండు బూత్‌ల్లో ఇరవై చొప్పున చేసే కన్నా ఇరవై నాలుగు బూత్‌ల్లో పది చొప్పున చేయడం మేలు. బస్సు చార్జీలు పెరుగుతాయి, అంతే.

ఇల్లు దొరికింది, తలుపు తీశారు. ఇంట్లో ఎవరిని అడగాలి?

“నమస్కారమండీ. మేం డిగ్రీ కాలేజీ నుంచి వచ్చాం. వంటనూనె గురించి నాలుగు మాటలు అడగాలి.”

“ఏం అమ్మడానికొచ్చావు నాయనా? మాకేం వద్దు.”

“అమ్మడానికి కాదమ్మా, మా ప్రాజెక్టు పని. పది నిమిషాలు. మీ పేరూ ఫోను నంబరూ ఏమీ రాసుకోం.”

“నన్నెందుకు అడుగుతావు, తెచ్చేది మా అబ్బాయి కదా.”

“ఏ నూనె తేవాలో చెప్పేదెవరండీ?”

“అది నేనే చెప్తాననుకో.”

అయితే అడగాల్సింది ఆవిడనే. కొట్టుకు వెళ్లేది కొడుకు, డబ్బు ఇచ్చేది భర్త, పేరు చెప్పేది ఆవిడ. ఈ మూడు పనులూ ఒక్కరివే అనుకుని ప్రశ్నావళి రాస్తే, తలుపు తీసినవాళ్లల్లా జవాబుదారులైపోతారు. మొదటి ప్రశ్నే ‘ఏ నూనె తేవాలో ఈ ఇంట్లో ఎక్కువగా నిర్ణయించేది ఎవరు’ అని ఉండాలి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే ఎప్పుడు ఉంటారో కనుక్కుని మళ్లీ రావాలి.

ఇక ప్రశ్నలు. మామూలు ప్రాజెక్టు ప్రశ్నావళిలో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ధర, నాణ్యత, ఆరోగ్యం, బ్రాండు, ప్యాకింగు, ప్రకటన అని నిలువుగా రాసి, ‘చాలా ముఖ్యం’ నుంచి ‘అసలు ముఖ్యం కాదు’ దాకా అడ్డంగా ఐదు గళ్లు. జవాబు ముందే తెలుసు. ధర చాలా ముఖ్యం, నాణ్యత చాలా ముఖ్యం, ఆరోగ్యమైతే మరీ ముఖ్యం. కాదని ఎవరంటారు? ఇంటికొచ్చిన కాలేజీ పిల్లవాడి ముందు ‘ఆరోగ్యం మాకు పట్టదు’ అని ఏ ఇల్లాలూ చెప్పదు. ఆ పట్టికలోంచి తీసిన సగటులు 4.3, 4.4, 4.6 అని వస్తాయి, వాటి మీద రెండు పేజీల వ్యాఖ్యానం నడుస్తుంది.

అభిప్రాయం బదులు చివరిసారి కొన్న సంఘటనను అడిగితే మనిషి నేల మీదికి వస్తాడు. ‘కిందటిసారి నూనె కొన్నది ఎప్పుడు? ఏ కొట్టులో? ఎంత? ఆ రోజు కొట్లో ఏ పేరు చెప్పి అడిగారు? అదే ఇచ్చారా? లేదంటే ఏం చేశారు, వేరేది తీసుకున్నారా, వేరే కొట్టుకు వెళ్లారా?’ ఈ చివరి రెండు ప్రశ్నలు బ్రాండు మీద మమకారాన్ని ఐదు గళ్ల పట్టికకన్నా బాగా కొలుస్తాయి. మాటల్లో ‘మేం ఎప్పుడూ అదే వాడతాం’ అన్న ఇంట్లోనే, కిందటిసారి అది లేదంటే కొట్టతను ఇచ్చిన ఇంకో రకం వచ్చి ఉంటుంది.

వీలైతే ప్యాకెట్ చూపించమనాలి. ఇది మొహమాటం అనిపిస్తుంది కానీ చాలామంది వంటింట్లోకి వెళ్లి తెచ్చి చూపిస్తారు. దానితో రెండు లాభాలు. బ్రాండు పేరు గుర్తు మీద ఆధారపడక్కర్లేదు. రెండోది పరిమాణం. లీటరు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ మీద సాధారణంగా 910 గ్రాములని ఉంటుంది. చూడటానికి అంతే ఉన్నా 870, 850 గ్రాములు నింపిన ప్యాకెట్లూ బజారులో ఉన్నాయి. ‘నెలకు ఎన్ని ప్యాకెట్లు?’ అన్న ప్రశ్నకు ‘నాలుగు’ అని ఇద్దరు చెబితే ఇద్దరిదీ ఒకటే లెక్క కాదు. ధర మాత్రం ప్యాకెట్ తేకముందే అడగాలి. తెచ్చాక అడిగితే గుర్తున్న ధర రాదు, ఎంఆర్‌పీ చదివి చెబుతారు.

నెలకెంత అన్న ప్రశ్నలోనే పెద్ద గొయ్యి ఉంది. అందులో పడింది సాక్షాత్తూ మన జాతీయ శాంపిల్ సర్వే. 1950లో మహలనోబిస్ చొరవతో మొదలైన ఆ సర్వే ఇళ్ల ఖర్చును చాలాకాలం ‘గత 30 రోజుల్లో’ అని అడిగేది. నెల రోజుల సంగతి మనుషులు మరిచిపోతారన్న అనుమానంతో 1990ల నడుమ ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఇళ్లను పాత పద్ధతిలోనే అడిగారు, వేరే ఇళ్లను ఆహారం గురించి ‘గత 7 రోజుల్లో’ అని అడిగారు. ఏడు రోజులవాళ్ల ఖర్చు ఎంత ఎక్కువ తేలిందంటే, ఆ లెక్క పట్టుకుంటే దేశంలో పేదల సంఖ్య సుమారు సగానికి పడిపోతుంది. దేశం మారలేదు, ప్రశ్నలో ఒక్క గడువు మారింది.

1999-2000లో 55వ రౌండు వచ్చేసరికి రెండు గడువులనూ ఒకే ఫారంలో పక్కపక్క గళ్లలో పెట్టి, ఒకే ఇంటిని రెండూ అడిగారు. అప్పుడు తేడా చాలావరకు మాయమైంది. వారానికి ఇంత అని చెప్పినవాళ్లు నెల గడి దగ్గరికొచ్చేసరికి దానికి సరిపడేలా చెప్పడమో, రాసేవాళ్లు సరిచూసుకోవడమో జరిగి ఉంటుందని ఆర్థికవేత్తలు తలపట్టుకున్నారు. పేదరికం 1993-94లో 36 శాతం నుంచి 26 శాతానికి తగ్గిందన్న అధికారిక లెక్క మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఇప్పటి సర్వేలో వంటనూనె, గుడ్లు, కూరగాయల వంటివాటిని ఏడు రోజులకు, బియ్యం పప్పులను 30 రోజులకు, బట్టలు చెప్పుల వంటివాటిని ఏడాదికి అడుగుతున్నారు.

అలాగని విద్యార్థులూ ‘గత 7 రోజుల్లో నూనె ఎంత కొన్నారు’ అని రాసేస్తే ఇంకో తప్పు. జాతీయ సర్వే అడిగేది వాడకం. వీళ్లకు కావాల్సింది కొనుగోలు. నెలకోసారి క్యాన్ తెచ్చే ఇంటికి ఏ వారం చూసినా సున్నా వచ్చే అవకాశమే ఎక్కువ. కాబట్టి మంచిది చివరి రెండు కొనుగోళ్ల తారీకులూ పరిమాణమూ అడగడం. తారీకు గుర్తు లేకపోతే కొక్కెం ఇవ్వాలి. జీతం పడకముందా తర్వాతా, పండగకు ముందా, గ్యాస్ బండ వచ్చిన వారంలోనా. ఇలాంటి కొక్కేలు లేకుండా ‘గత నెలలో’ అంటే, అంతకుముందు నెల కొన్నది కూడా దగ్గరికి జరిగి ఇందులో కలిసిపోతుంది.

ఇక జవాబుల గళ్లు. అవి ఖాళీ పెట్టెలని అనుకుంటాం కానీ అవీ మాట్లాడతాయి. జర్మనీలో నార్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. రోజుకు టీవీ ఎంతసేపు చూస్తారని అడిగారు. ఒక గుంపుకు గళ్లు అరగంట నుంచి మొదలై ‘రెండున్నర గంటలకు పైన’ అన్నదానితో ముగిశాయి. ఇంకో గుంపుకు మొదటి గడే ‘రెండున్నర గంటల వరకు’, అక్కడినుంచి పైకి. రెండున్నర గంటలు దాటి చూస్తామన్నవాళ్లు మొదటి గుంపులో 16.2 శాతం, రెండో గుంపులో 37.5 శాతం. గళ్ల మధ్యలో ఉన్నది లోకం తీరని జనం అనుకుంటారు, తమను దానికి అటో ఇటో సర్దుకుంటారు. నూనె విషయంలో ఇది ఇంకా పదును. ‘లీటరు లోపు, 1–2, 2–3, 3 లీటర్లకు పైన’ అని గళ్లు పెడితే, నెలకు నాలుగు లీటర్లు కాల్చే ఐదుగురి ఇల్లు తను తప్పు చేస్తున్నట్టు చూసుకుంటుంది. గళ్లు తీసేసి ఒక గీత గీసి, చెప్పిన అంకె రాసుకోవడమే మంచిది. వర్గాలు తర్వాత కంప్యూటర్ దగ్గర చేసుకోవచ్చు.

ఆదాయం ప్రశ్నను చాలామంది మొదటి పేజీలోనే, పేరు, వయసు తర్వాత పెడతారు. అక్కడే తలుపు సగం మూసుకుంటుంది. అది చివర్లో రావాలి. అసలు అడగకుండానూ పని జరుగుతుంది. మన దేశంలో మార్కెట్ పరిశోధన సంస్థలు 2011 నుంచి చాలాకాలం వాడిన ఒక కొలమానం ఇంటి పెద్ద సంపాదనపరుడి చదువు, పదకొండు వస్తువుల్లో ఇంట్లో ఎన్నున్నాయి అన్న రెండింటితోనే ఇళ్లను వర్గాలు చేసేది. కరెంటు కనెక్షను, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, టూవీలరు, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీను, కంప్యూటరు, కారు, ఏసీ, సాగు భూమి. ‘మీ ఆదాయమెంత’ అంటే ముఖం చిట్లించేవాళ్లు ‘మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా’ అంటే జవాబిస్తారు.

ఇవన్నీ రాసుకున్నాక 240 ఇళ్లకు బయల్దేరే ముందు, ఎంపికలో లేని వీధిలో పదో పన్నెండో ఇళ్లలో అడిగి చూడాలి. కాగితం మీద బాగున్న ప్రశ్న నోట్లో ఎలా పలుకుతుందో అప్పుడు తెలుస్తుంది. ‘ధర, నాణ్యత మీకు తృప్తిగా ఉన్నాయా’ అంటే ‘ధర లేదు గానీ నాణ్యత బానే ఉంది’ అంటారు. అది రెండు ప్రశ్నలన్నమాట. ‘ఎక్కడ కొంటారు’ అన్నదానికి కిరాణా, సూపర్‌మార్కెట్, ఆన్‌లైన్ అని మూడే పెట్టి ఉంటే, ‘గానుగ దగ్గర’, ‘రేషన్ కొట్లో ఇచ్చినప్పుడు’, ‘ఊరినుంచి మా అన్నయ్య పంపిస్తాడు’ అన్నవి ‘ఇతర’ గడిలో పోగవుతాయి. పన్నెండు ఇళ్లలో ముగ్గురు ‘ఇతర’లోకి వెళ్లారంటే గళ్లు మళ్లీ రాయాల్సిందే. గడియారమూ చూసుకోవాలి. పన్నెండు నిమిషాలు దాటాక పొయ్యి మీది కూర గుర్తొస్తుంది, ఆ తర్వాత అన్నిటికీ ‘అవును’ అనే జవాబే.

ఇంత చేసినా, ఆ నలుగురిలో ఎవరైనా ఆఖరి వారంలో హాస్టల్ గదిలో కూర్చుని ఇరవై ఫారాలు నింపేస్తే పని పాడవుతుంది. దీన్ని పట్టుకోవడం గైడ్‌కు కష్టం కాదు. కల్పించిన ఫారాల్లో ‘తెలియదు’, ‘గుర్తులేదు’ ఉండవు. కొన్న పరిమాణాలు అన్నీ గుండ్రటి అంకెలు. ‘ఇతర’ గడి శుభ్రంగా ఖాళీ. ఫోన్లో నమోదు చేసిన సర్వే అయితే మొదలెట్టిన వేళకూ ముగించిన వేళకూ మధ్య నాలుగు నిమిషాలే ఉంటుంది, రెండు ఇళ్ల మధ్య నడక ఉండదు. అన్నిటికన్నా తేలిక గుర్తు సందర్శనల పట్టిక. అరవై ఇళ్లకు వెళ్లి తాళం వేసిన ఇల్లు, పొమ్మన్న ఇల్లు ఒక్కటీ తగలలేదంటే ఆ విద్యార్థి వీధిలోకి వెళ్లలేదు. 24 ఇళ్లను చీటీలు తీసి ఎంచి, గైడో, ఇంకో విద్యార్థో స్వయంగా వెళ్లి మూడు విషయాలు మాత్రం అడిగి రావాలి. ఎవరైనా వచ్చారా, ఇంట్లో ఎంతమంది, ఫ్రిజ్ ఉందా. మూడింటిలో రెండు ఫారంతో కలవకపోతే, ఆ విద్యార్థి చేసిన అరవై ఇళ్లూ పక్కన పెట్టి మిగిలిన 180తోనే లెక్క కట్టాలి. పక్కన పెట్టినట్టు, ఆ బూత్‌లు ఏవో, తేడా అప్పుడు ఎన్ని పాయింట్లకు పెరిగిందో పట్టిక కిందే రాయాలి.